కిస్తీ బరువా... అద్దె బరువా?

చందర్లపాడులో ఒక చిన్న కాంట్రాక్టరు ఉన్నాడనుకుందాం. ఇద్దరు భాగస్వాముల సంస్థ. కాలువల్లో పూడిక తీయడం, పొలం బాటలు వేయడం, పైపులైన్లకు గోతులు తవ్వడం... ఇవీ పనులు. ఒక రోలరు, ఒక ట్రాక్టరు, రెండు మిక్సర్లు సొంతానివి. తవ్వే బండి మాత్రం లేదు. మన ఊళ్లలో అందరూ జేసీబీ అనే ఆ పసుపు బండిని ఇన్నాళ్లూ గంట లెక్కన పిలిపించుకుంటున్నాడు. పని పెరిగింది. ఏడాది పొడవునా బండి కావాల్సి వస్తోంది. అవసరమైన రోజున అది నందిగామ అవతల ఎక్కడో ఉంటోంది. ఇక లాభం లేదు, బండి మన దగ్గరే ఉండాలి అని నిర్ణయించుకున్నాడు.

ఇప్పుడాయన ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి బ్యాంకుది. 30 లక్షల బండికి 12 శాతం వడ్డీతో అయిదేళ్ల అప్పు. నెలకు కిస్తీ 66,733 రూపాయలు. రెండోది లీజు సంస్థది. అదే బండి, అదే అయిదేళ్లు. నెలకు 60,000 అద్దె. గడువు తీరాక బండిని వాళ్లు తీసుకుపోతారు. డీజిలు, డ్రైవరు, రిపేర్లు రెండింట్లోనూ ఆయనవే.

పక్కనే ఉన్న బావమరిది క్యాలిక్యులేటర్ తీశాడు. ‘‘బావా, కిస్తీలన్నీ కలిపితే 40 లక్షల 4 వేలు. అద్దెలన్నీ కలిపితే 36 లక్షలు. నాలుగు లక్షలు తేడా! పైగా అద్దె మొత్తం ఖర్చు కింద రాసుకోవచ్చు, పన్ను మిగులుతుంది. ఇంకా ఆలోచిస్తావేంటి... లీజు మీద సంతకం పెట్టెయ్’’ అన్నాడు.

మాట వినడానికి బాగానే ఉంది. చాలామంది సంతకాలు పెట్టేది కూడా ఈ లెక్క చూసుకునే. కానీ అందులో మూడు పొరపాట్లున్నాయి. వేర్వేరు తేదీల్లో కట్టే డబ్బుని ఒకే కుప్పగా పోసి కూడటం ఒకటి. పన్ను మిగిలేది లీజులోనే అనుకోవడం రెండోది. అయిదేళ్ల తర్వాత బండికి ఉండే ధరను పూర్తిగా మర్చిపోవడం మూడోది. ఈ మూడింటినీ సరిచేస్తే సమాధానం తిరగబడుతుంది. ఎలాగో చూద్దాం.

ఈనాటి రూపాయి... ఆనాటి రూపాయి

ఈరోజు చేతిలో ఉన్న లక్ష, అయిదేళ్ల తర్వాత వచ్చే లక్ష ఒకటి కావు. ఈ సంగతి మిర్చి కోతకొచ్చాక ఇస్తానన్న బాకీకి వడ్డీ కట్టించుకునే రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముందుకు లెక్కేస్తే అది వడ్డీ. అదే లెక్కను వెనక్కి నడిపితే వచ్చేది ‘నేటి విలువ’. ఏటా 10 శాతం వడ్డీకి ఈరోజు లక్ష వేస్తే ఏడాదికి లక్షా పదివేలవుతుంది. కాబట్టి ఏడాది తర్వాత వచ్చే లక్షా పదివేల నేటి విలువ లక్ష. అంతే కిటుకు.

అయితే వెనక్కి నడపడానికి ఏ వడ్డీ వాడాలి? కాంట్రాక్టరుకు అప్పు 12 శాతానికి దొరుకుతోంది కదా, అదే వాడితే పోలేదా? సరిపోదు. ఎందుకంటే ఆయన కట్టే వడ్డీ వ్యాపార ఖర్చు. ఆ మేరకు లాభం తగ్గుతుంది, లాభం మీద పన్నూ తగ్గుతుంది. భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం. సెస్సు సంగతి లెక్క తేలిక కోసం పక్కన పెడదాం. 12 రూపాయల వడ్డీ కడితే 3 రూపాయల 60 పైసల పన్ను మిగులుతుంది. అంటే ఆయనకు అప్పు నిజంగా పడేది 8.4 శాతానికి. లీజు కూడా ఒకరకమైన అప్పే... నెలనెలా తప్పకుండా కట్టాల్సిందే. అందుకే రెండింటినీ ఈ 8.4 శాతంతోనే వెనక్కి తెచ్చి పోల్చాలి.

ఆ ప్రకారం ఏడాది తర్వాతి లక్షకు నేటి విలువ 92,251 రూపాయలు. రెండేళ్లకు 85,102. మూడేళ్లకు 78,508. నాలుగేళ్లకు 72,424. అయిదేళ్లకు 66,812. ఈ అయిదు అంకెలే ఈ లెక్కకంతా తాళంచెవులు. నెలనెలా లెక్కేస్తే ఇంకా కచ్చితంగా ఉంటుంది గానీ, ఇక్కడ ఏడాదికోసారి చివర్లో కట్టినట్టు అనుకుందాం. ఎవరైనా కాగితం మీద చేసుకోవచ్చు.

ముందు లీజు సంగతి

నెలకు 60 వేలంటే ఏడాదికి 7 లక్షల 20 వేలు. బావమరిది చెప్పినట్టు ఇదంతా ఖర్చు కింద పోతుంది. దానివల్ల మిగిలే పన్ను 30 శాతం చొప్పున 2 లక్షల 16 వేలు. ఖర్చు పేరుతో పన్ను నుంచి తప్పించుకునే ఈ మొత్తాన్నే ఆడిటర్లు ‘ట్యాక్స్ షీల్డ్’ అంటారు. పన్నుకు అడ్డం పెట్టిన డాలు అన్నమాట. అది పోను ఆయన జేబులోంచి నిజంగా పోయేది ఏడాదికి 5 లక్షల 4 వేలు.

ఏడాదికి 5 లక్షల 4 వేల చొప్పున అయిదేళ్లు. పైన చెప్పిన అయిదు అంకెలతో ఒక్కో ఏడాది మొత్తాన్నీ నేటి విలువకు తెచ్చి కలిపితే 19 లక్షల 91 వేలు. లీజు అసలు ఖరీదు ఇదీ.

ఇప్పుడు కొనుగోలు

ఇక్కడ ఒక తేలిక దారి ఉంది. కిస్తీల్లో అసలెంత, వడ్డీ ఎంత, దాని మీద పన్ను ఎంత మిగులుతుంది అని ఏడాదికేడాది విడదీయక్కర్లేదు. అప్పు మీద పడే కిస్తీలను, పన్ను ఆదా తీసేసి, అదే 8.4 శాతంతో వెనక్కి తెస్తే వచ్చేది మళ్లీ ఆ 30 లక్షలే. కాబట్టి కొనుగోలు ఖర్చును 30 లక్షలు అని రాసుకుంటే చాలు. బ్యాంకు కొంత సొమ్ము మార్జిన్‌గా మనల్ని పెట్టుకోమన్నా లెక్క మారదు. మన సొమ్ముకు మాత్రం వడ్డీ లేదా ఏంటి?

ఆ 30 లక్షల్లోంచి రెండు తీసేయాలి. మొదటిది తరుగుదల మీద మిగిలే పన్ను. బండి సొంతదైతే ఏటా దాని విలువలో కొంత అరిగిపోయినట్టు లెక్కించి, దాన్ని ఖర్చుగా చూపించుకోనిస్తుంది ఆదాయపు పన్ను చట్టం. మామూలు యంత్రాలకు ఈ తరుగుదల 15 శాతం. అదీ మొదటి ధర మీద కాదు, ఏటా మిగిలిన విలువ మీద.

మొదటి ఏడు 30 లక్షల్లో 15 శాతం, అంటే నాలుగున్నర లక్షలు తరుగు. దానివల్ల మిగిలే పన్ను 1,35,000. రెండో ఏడు మిగిలిన ఇరవై అయిదున్నర లక్షల మీద 15 శాతం. పన్ను ఆదా 1,14,750. అలా మూడో ఏడు 97,538, నాలుగో ఏడు 82,907, అయిదో ఏడు 70,471. ఈ అయిదింటినీ నేటి విలువకు తెచ్చి కలిపితే 4 లక్షల 6 వేలు. కాబట్టి పన్ను డాలు లీజు చేతిలోనే కాదు, కొనుగోలు చేతిలోనూ ఉంది. పైగా అప్పు వడ్డీ మీద మిగిలే పన్ను 8.4 శాతం లెక్కలో ముందే కలిసిపోయింది.

రెండోది బండి పాత ధర. లెక్కల భాషలో ‘రెసిడ్యువల్ వాల్యూ’. అయిదేళ్ల తర్వాత బండి 12 లక్షలకు అమ్ముడుపోతుందని కాంట్రాక్టరు అంచనా. ఆ 12 లక్షల నేటి విలువ 8 లక్షల 2 వేలు. పన్ను పుస్తకాల్లో అప్పటికి బండి విలువ 13 లక్షల 31 వేలు ఉంటుంది. ఒకే తరుగుదల శాతం ఉన్న యంత్రాలన్నింటినీ చట్టం ఒకే కట్టగా చూస్తుంది కాబట్టి, అమ్మిన ధరను ఆ కట్టలోంచి తీసేస్తారు. మిగిలిన లక్షా 31 వేల మీద తరుగుదల ఆ తర్వాతా నడుస్తుంది. ఆ ఆదా చిన్నదే కాబట్టి ప్రస్తుతానికి వదిలేద్దాం.

ఇప్పుడు కూడిక, తీసివేత:

బండి ధర: 30,00,000
తరుగుదల పన్ను ఆదా (నేటి విలువ): 4,06,000 తీసేయాలి
పాత బండి ధర (నేటి విలువ): 8,02,000 తీసేయాలి
కొనుగోలు అసలు ఖర్చు: 17,92,000
లీజు అసలు ఖర్చు: 19,91,000

నాలుగు లక్షలు మిగులుతాయనుకున్న లీజు కాస్తా రెండు లక్షలు ఎక్కువ పడింది! అద్దె నెలనెలా కడతాం కాబట్టి, ఏడాది చివర కట్టినట్టు అనుకోవడం కూడా లీజుకు కాస్త సాయమే చేసింది. అయినా అది గెలవలేదు.

డిపాజిట్టు మెలిక

లీజు కాగితం మూడో పేజీలో ఇంకో వాక్యం ఉంది. 3 లక్షల డిపాజిట్టు కట్టాలి, గడువు తీరాక వడ్డీ లేకుండా తిరిగిస్తారు. ‘‘తిరిగొచ్చే డబ్బే కదా బావా’’ అన్నాడు బావమరిది.

తిరిగొస్తుంది. కానీ ఎప్పుడు? అయిదేళ్లకు. ఆ 3 లక్షల నేటి విలువ 2 లక్షలే. అంటే మాటల్లో కనిపించకుండా మరో లక్ష లీజు ఖాతాలో పడింది. 19 లక్షల 91 వేలు ఇప్పుడు 20 లక్షల 91 వేలయ్యాయి. అద్దె తక్కువగా కనిపించే చోట ముందుగా వెతకాల్సింది ఈ డిపాజిట్టునే. ఆ తర్వాత ముందుగానే కట్టించుకునే అద్దెలు, ప్రాసెసింగు ఫీజు, బండి వెనక్కిచ్చేటప్పుడు చేయించాల్సిన రిపేర్ల షరతు.

పన్ను మిగిలేది ఎవరికి?

లీజులో తరుగుదల ఆదా మాయమైపోదు. అది లీజు సంస్థకు వెళ్తుంది. బండి దానిది కనక. ఈ విషయం మీద సుప్రీంకోర్టు దాకా గొడవ నడిచింది. ఐసీడీఎస్ అనే ఫైనాన్స్ సంస్థ వాహనాలు కొని లీజుకిచ్చింది. అవి రిజిస్టరైంది మాత్రం వాటిని లీజుకు తీసుకున్నవారి పేరిట. మరి తరుగుదల ఎవరికి అన్నది ప్రశ్న. ఒప్పందం ప్రకారం యజమాని లీజు సంస్థే కాబట్టి తరుగుదల దానికే చెందుతుందని 2013 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. మన పేరు ఆర్సీలో ఉన్నంత మాత్రాన తరుగుదల మనకు రాదు. ఒప్పందంలో బండి ఎవరిదని రాశారో చూసుకోవాలి.

దీనికి తిరగేసిన మెలిక ఒకటుంది. చివరి అద్దె కట్టాక నామమాత్రపు ధరకు బండి మీదే అవుతుందని కొన్ని కాగితాల్లో ఉంటుంది. పేరు లీజు, నడక హైర్ పర్చేజ్. అలాంటప్పుడు పన్ను అధికారి దాన్ని వాయిదాల మీద కొన్నట్టే చూడొచ్చు. అప్పుడు అద్దె మొత్తం ఖర్చు కింద చెల్లదు. అందులోని వడ్డీ భాగం, బండి మీద తరుగుదల... ఈ రెండే చెల్లుతాయి. లీజు మీద పన్ను లెక్క వేసుకునేముందు ఆ ఒక్క వాక్యం ఆడిటరు గారికి చూపించడం మంచిది.

ఇంతకీ పన్ను ఈ నిర్ణయాన్ని ఎంత కదిలిస్తుంది? అందరూ అనుకున్నంత కాదు. చూడండి. డిపాజిట్టు సంగతి పక్కన పెడితే, మన కాంట్రాక్టరుకు లీజు, కొనుగోలు సమానమయ్యే అద్దె నెలకు 54 వేలు. అంతకన్నా తక్కువైతే లీజు నయం, ఎక్కువైతే కొనడం నయం. ఇప్పుడు ఇదే బండిని పన్నులో ఏ ఆదా రాని వ్యక్తి తీసుకుంటున్నాడనుకుందాం. ఆయనకు వడ్డీ మీద ఏమీ మిగలదు కాబట్టి 12 శాతంతోనే వెనక్కి తేవాలి. అయిదేళ్ల తర్వాతి 12 లక్షలు నేడు 6 లక్షల 81 వేలు. కొనుగోలు ఖర్చు 23 లక్షల 19 వేలు. లీజు ఖర్చు 25 లక్షల 95 వేలు. ఆయనకు రెండూ సమానమయ్యే అద్దె 53 వేల 600. ఇద్దరికీ మధ్య తేడా నెలకు నాలుగు వందలు! రెండు వైపులా ఉన్న పన్ను డాళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పన్ను కోసమే లీజు అనే మాట ఈ బండి విషయంలో నిలబడదు.

పన్నులో ఏ ఆదా రాని వ్యక్తులు ఎవరో అనుకోవద్దు. మన చుట్టూ ఉన్నారు. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం ఆదాయపు పన్ను లేదు. కాబట్టి తన పొలం పనికే యంత్రం కొనే రైతుకు తరుగుదల ఆదా అన్న మాటే ఉండదు. అదే యంత్రాన్ని ఊళ్లో కిరాయికి తిప్పితే మాత్రం ఆ కిరాయి వ్యాపార ఆదాయం. అలాగే టర్నోవరులో ఇంత శాతం లాభం అని అంచనాగా చూపించి పన్ను కట్టే చిన్న వ్యాపారులున్నారు. బండికి ఇంత చొప్పున లెక్కగట్టి కట్టే, పది లోపు లారీల యజమానులున్నారు. వీళ్లకు తరుగుదల, అద్దె అన్నీ ఆ అంచనాలో ముందే కలిసిపోయినట్టు చట్టం భావిస్తుంది. మళ్లీ విడిగా ఏదీ తగ్గించరు. వీళ్లెవరికైనా ‘లీజు తీసుకుంటే పన్ను మిగులుతుంది’ అని ఎవరైనా చెబితే, ఆ మాట నమ్మక్కర్లేదు.

కొనేవాళ్లు చూసుకోవాల్సిన తేదీ ఒకటుంది. ఆర్థిక సంవత్సరంలో బండి 180 రోజులకన్నా తక్కువ పనిలో ఉంటే ఆ ఏడాది తరుగుదల సగమే. అక్టోబరు మొదటి వారం దాటాక పనిలోకి దిగితే 15 శాతం బదులు ఏడున్నర శాతం. వానలు తగ్గి పనులు మొదలయ్యాక, దసరాకో దీపావళికో బండి కొనడం మనవాళ్లకు అలవాటు. అప్పుడు మొదటి ఏడాది ఆదా 1,35,000 నుంచి 67,500కి పడిపోతుంది. పోయిన సగం పూర్తిగా పోదు, తర్వాతి ఏళ్లలో కొంచెం కొంచెంగా వస్తుంది. కానీ ఆలస్యంగా వచ్చే రూపాయి విలువ ఎంతో ఇప్పటికే చూశాం కదా!

ముడి అంతా పాత బండి ధరలోనే

పన్ను కదిలించలేనిదాన్ని పాత బండి ధర ఇట్టే కదిలిస్తుంది. 12 లక్షలు వస్తాయనుకున్న చోట 9 లక్షలే వచ్చాయనుకోండి. 3 లక్షల తగ్గుదల నేటి విలువలో 2 లక్షలు. కొనుగోలుకున్న ఆధిక్యమంతా అక్కడితో సరి. రెండు దారులూ సమానమైపోతాయి. ఇందాక వదిలేసిన చిన్న ఆదాను కూడా కలుపుకుంటే ఆ గీత ఇంకాస్త దిగి 8 లక్షల దగ్గర ఆగుతుంది. 7 లక్షలకు పడిపోతే మాత్రం ఎలా లెక్కేసినా లీజే నయం. ఇవన్నీ డిపాజిట్టు లేని లీజుకు. డిపాజిట్టు ఉంటే కొనుగోలుకు ఇంకో లక్ష అండ ఉంటుంది.

కాబట్టి కాంట్రాక్టరు అడగాల్సిన అసలు ప్రశ్న ‘కిస్తీ ఎంత, అద్దె ఎంత’ అని కాదు. ‘అయిదేళ్ల తర్వాత ఈ బండి నా చేతిలో ఎంతకు అమ్ముడుపోతుంది’ అని. దానికి జవాబు బండిలోనే ఉంటుంది. పాత బండ్లు కొనేవాడు ముందు చూసేది గంటల మీటరు. లారీకి కిలోమీటర్లు ఎలాగో దీనికి గంటలలాగ. ఏడాదికి వెయ్యి గంటలు తిరిగిన బండి, రెండు వేల గంటలు తిరిగిన బండి అయిదేళ్ల తర్వాత ఒకే ధర పలకవు. ఆ తర్వాత బకెట్టు, బూమ్ కలిసే చోట పిన్నులు, బుష్‌లు పట్టుకుని ఊపి చూస్తాడు. వదులుగా ఆడితే గ్రీజు పెట్టకుండా తిప్పారని అర్థం. సిలిండర్ల దగ్గర ఆయిలు కారుతోందా, ఇంజను నల్లపొగ వదులుతోందా చూస్తాడు. నల్లరేగడిలో పూడిక తీసిన బండికీ, పగలూ రాత్రీ కంకర క్వారీలో రాయి మీద కొట్టిన బండికీ తేడా అక్కడే బయటపడుతుంది.

పని ఎక్కడ చేయబోతున్నామో మనకు తెలుసు. దాన్నిబట్టి ధరను అంచనా వేయాలి తప్ప, కొత్త బండి అమ్మే షోరూమువాడి మాటను బట్టి కాదు. నందిగామలోనో విజయవాడలోనో అయిదేళ్లు నిండిన అదే మోడలు బండి ఈమధ్య ఎంతకు చేతులు మారిందో ఇద్దరు ముగ్గుర్ని అడిగితే తెలుస్తుంది. చట్టం కూడా మధ్యలో చేయి పెడుతుంది. ఇలాంటి చక్రాల యంత్రాలకు పొగ నిబంధనలు 2021లో ఒకసారి, 2025లో మరోసారి కఠినమయ్యాయి. ఇలా మారినప్పుడల్లా కొత్త బండి ధర పెరిగి పాతవాటికి గిరాకీ రావొచ్చు. కొన్ని పనులకు పాత ఇంజన్లు వద్దని షరతు పెడితే గిరాకీ తగ్గనూ వచ్చు. అందుకే ఒక్క ధరతో కాక మూడు ధరలతో లెక్క వేయాలి: బాగా వస్తే ఎంత, మామూలుగా ఎంత, చెడితే ఎంత. మన కాంట్రాక్టరుది పూడిక, మట్టి పని. గంటలు తక్కువ. 12 లక్షలు దురాశ కాదు. అదే జగ్గయ్యపేట వైపు క్వారీ పని చూసుకునేవాడైతే 7 లక్షలని రాసుకుని, బండి ధర పడిపోయే భయాన్ని లీజు సంస్థ నెత్తిన పెట్టడమే తెలివి. లీజులో మనం కొనుక్కునేది నిజానికి ఆ నిశ్చింతనే.

గట్టెక్కేది లెక్క ఒక్కటే కాదు

కాగితాల మీద కొనుగోలు గెలిచింది. అయినా ఆడిటరు గారు ఇంకో ప్రశ్న అడుగుతారు. ‘‘నెలకు 66,733 తప్పకుండా కట్టగలరా? మీ బిల్లులు ఎన్ని నెలలకు వస్తాయి?’’

ప్రభుత్వ పనులు చేసినవాళ్లకు ఈ ప్రశ్న బరువు తెలుసు. పని మార్చిలో ముగుస్తుంది. బిల్లు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. కిస్తీకీ అద్దెకూ తేడా నెలకు 6,733 రూపాయలే. కానీ బ్యాంకు మార్జిన్ కూడా మన చేతి నుంచి పెట్టాలి. ఆ డబ్బు కోసం బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే? అది ఏడాదికి 24 శాతం. 12 శాతం మీద వేసిన లెక్కంతా గల్లంతు. నేటి విలువ లెక్కలో వాడాల్సింది బ్యాంకు బోర్డు మీది వడ్డీ కాదు, ఆ సొమ్ము మనకు నిజంగా ఎంతకు పుడుతుందో ఆ వడ్డీ.

మధ్యలో పని ఆగిపోతే ఏమిటన్నది మరో ప్రశ్న. సొంత బండైతే అమ్మి అప్పు తీర్చుకోవచ్చు. లీజు బండి మధ్యలో వెనక్కిస్తానంటే మిగిలిన అద్దెల్లో ఎంత కట్టాలో ఒప్పందంలో రాసి ఉంటుంది. కొన్నింట్లో మొత్తం కట్టమని ఉంటుంది. ఇది చదవకుండా ‘వద్దనుకుంటే ఇచ్చేయొచ్చు’ అనుకోవడం ప్రమాదం. జీఎస్టీ సంగతీ అంతే. బండి మీద, అద్దె మీద కట్టిన జీఎస్టీని వెనక్కి తీసుకునే అర్హత ఉంటే పై లెక్క అలాగే ఉంటుంది. లేకపోతే రెండు వైపులా ఆ పన్నును ఖర్చులో కలుపుకుని మళ్లీ వేయాలి.

చివరికి మన కాంట్రాక్టరు ఏం చేయాలి? ఆ సాయంత్రమే ఏ కాగితం మీదా సంతకం పెట్టనక్కర్లేదు. బావమరిది లెక్కలోంచి ఆయనకు దొరకనిది, ఈ లెక్కలోంచి దొరికినది ఒకటుంది. బేరానికి పనికొచ్చే అంకె. డిపాజిట్టు ఎత్తేస్తే నెలకు 54 వేలు, డిపాజిట్టు ఉండి తీరాలంటే 51 వేలు. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా తాను కొనుక్కోవడమే మేలని ఇప్పుడాయనకు తెలుసు. లీజు సంస్థ మనిషి మళ్లీ వచ్చినప్పుడు ‘‘కాస్త చూసి తగ్గించండి’’ అని బతిమాలక్కర్లేదు. ఆ అంకె చెప్పి ఊరుకుంటే చాలు.

వాళ్లు ఒప్పుకుంటే లీజు. లేదంటే బ్యాంకు. అయితే ఆ బండి పిన్నులకు రోజూ పొద్దున్నే గ్రీజు పెట్టించే పూచీ మాత్రం ఆయనదే. అయిదేళ్ల తర్వాతి 12 లక్షలు ఆ గ్రీజులోనే ఉన్నాయి మరి!